పెద్ద పూల కర్టెన్‌కి బట్ట లెక్క: మా హాలు కిటికీ అనుభవం

అమలాపురం పక్కన మేం కట్టుకున్న ఇంట్లో హాలు కిటికీ వెడల్పు ఆరడుగులు. దానికి నేల దాకా దిగే కర్టెన్లు వేయాలని మొదటి నుంచీ అనుకున్నాం. రాజమండ్రి తాడితోటలో ఒక కొట్లో నాకు రెండు బట్టలు నచ్చాయి. ఒకటి ఏ డిజైనూ లేని లేత ఆకుపచ్చ. రెండోది మీగడ రంగు మీద పెద్ద పెద్ద తామరపూలు, కాడలు, ఆకులు. రెండూ ఒకటే పన్నా, 54 అంగుళాలు. రెండిటికీ మీటరు ధర 450 రూపాయలే. అయినా అదే కిటికీకి సాదా బట్ట పదిన్నర మీటర్లు చాలన్న కొట్టాయన, తామరల బట్ట పదమూడున్నర కావాలన్నాడు.

"డిజైను కలపాలి కదండీ, కొంత వేస్టు పోద్ది" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ మూడు మీటర్లు ఎక్కడ పోతాయో, అంత పోవాల్సిందేనా అన్నది తేల్చుకోకుండా కొనబుద్ధి కాలేదు. కొలతలు వేసుకుని మళ్ళీ వస్తానని చెప్పి ఇంటికి వచ్చేశాను. అప్పుడు నేను వేసుకున్న లెక్క, దాంతో బట్ట కొని మా ఊరి టైలరు గారి చేత కుట్టించిన వరుస ఇక్కడ రాస్తున్నాను. మీ కిటికీ కొలతలు వేరైనా లెక్క ఇదే.

కొలత కిటికీది కాదు, రాడ్‌ది. రాడ్ బిగించాకే టేపు పట్టుకోవాలి. మా కిటికీ 72 అంగుళాలు. రాడ్ రెండు పక్కలా తొమ్మిదేసి అంగుళాలు గోడ మీదకి వచ్చేలా 90 అంగుళాలది పెట్టించాం. కర్టెన్ పక్కకి లాగినప్పుడు కుచ్చిళ్ళన్నీ చాలావరకు గోడ మీదే పోగుపడతాయి, కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. సాయంత్రం కాలవ గట్టు వైపు నుంచి వచ్చే గాలి కోసమే ఆ కిటికీ అక్కడ పెట్టించుకున్నాం. ఆ గాలిని మందపాటి గుడ్డ కుప్ప ఆపేస్తే కిటికీ పెట్టి లాభం లేదు.

ఎత్తు కూడా రాడ్ పైభాగం నుంచే నేలకి కొలిచాను, అదీ ఎడమన, మధ్యన, కుడిన విడివిడిగా. కడిగిన నీళ్ళు గుమ్మం వైపు పోవాలని మన ఇళ్ళలో నేలకి కాస్త వాలు పెడతారు కదా, అందుకని మూడూ ఒకటే ఉంటాయని అనుకోకూడదు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలతే తీసుకోవాలి. మాకు అది 88న్నర అంగుళాలు. రింగుల కర్టెన్లో బట్ట రాడ్ కన్నా కొంచెం పైకి లేస్తుంది. మేం కొన్న రింగులకి అది అంగుళంన్నర. కింద నేలకి ఒక అంగుళం ఎడం వదిలాను. వానాకాలం తుడిచిన గచ్చు ఎప్పటికీ ఆరదు, అంచు నేలకి తగిలితే నెల తిరక్కుండానే నల్లబడుతుంది. 88న్నరకి ఒకటిన్నర కలిపి ఒకటి తీసేస్తే 89. కుట్టడం పూర్తయ్యాక కర్టెన్ పొడవు అది.

ఇక వెడల్పు. 90 అంగుళాల రాడ్‌కి 90 అంగుళాల బట్ట వేస్తే కర్టెన్ దుప్పటి ఆరేసినట్టు చదునుగా వేలాడుతుంది. కుచ్చిళ్ళు పడాలంటే రాడ్ కొలతకి కొన్ని రెట్లు బట్ట ఉండాలి. రింగుల కర్టెన్‌కి రెండు రెట్లు బాగుంటుంది. పైన ప్లీట్లు పెట్టి కుట్టేవాటికి రెండున్నర దాకా పోతుంది, పల్చటి తెరలకి అంతకన్నా ఎక్కువైనా చూడముచ్చటగానే ఉంటుంది. ఒకటిన్నర రెట్లతో కుట్టినవి చాలా ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. పగలు బాగానే కనిపిస్తాయి గానీ రాత్రి మూశాక కుచ్చిళ్ళు విచ్చుకుపోయి తెర బిగదీసి కట్టినట్టుంటుంది. పెద్ద పూల డిజైనుకి అది మరీ వెలితి.

ఈ రెట్లు మన కంటికి ఎలా ఉంటాయో ముందే చూసుకోవడానికి ఒక పాత చీర చాలు. అయిదున్నర మీటర్ల చీరంటే సుమారు 216 అంగుళాలు. అందులో 180 అంగుళాల దగ్గర ఒక క్లిప్పు, 135 అంగుళాల దగ్గర ఇంకో క్లిప్పు పెట్టాను. అంత మేర చీరని 90 అంగుళాల రాడ్ మీద కుచ్చిళ్ళుగా సర్ది, ఒకసారి రెండు రెట్లు, ఒకసారి ఒకటిన్నర రెట్లు చూశాం. మా అత్తయ్య గారు వాలుకుర్చీలోంచే "ఎక్కువ బట్టదే బాగుందమ్మా" అనేశారు. రెండు రెట్లు ఖాయం చేశాం.

రెండు రెట్లంటే 180 అంగుళాలు. ఎడమకొకటి, కుడికొకటి రెండు తెరలు కాబట్టి నాలుగు పక్క అంచులుంటాయి. ఒక్కో అంచు అంగుళంన్నర చొప్పున రెండు మడతలు వేస్తే మూడు అంగుళాలు పోతుంది. నాలుగు అంచులకీ కలిపి పన్నెండు. మొత్తం 192 అంగుళాలు. పన్నా 54. భాగిస్తే మూడున్నరకి కొంచెం పైన వచ్చింది, అంటే నాలుగు పన్నాలు. ఇక్కడ బట్ట తగ్గించుకోవాలన్న ఆశ పుడుతుంది. మూడు పన్నాలతో సరిపెడితే? 162లో పక్క మడతలకి పన్నెండు, అతుకులకి నాలుగు పోతే 146 మిగులుతుంది. రాడ్‌కి 1.62 రెట్లే. నాలుగైతే 216లో అదే పదహారు పోగా 200, అంటే 2.2 రెట్లు. మూడు పన్నాలతో కుట్టాలంటే ఒక పన్నాని నిలువునా చీల్చి చెరో సగం అతకాలి, అప్పుడు అతుకు తెర మధ్యలో కాకుండా పక్కకి పోతుంది. నాలుగే నయమనుకున్నాను. ఒక్కో తెరకి రెండు నిండు పన్నాలు, మధ్యలో ఒక అతుకు.

పొడవుకి ఏమేం కలపాలో ఇప్పుడు చూడాలి. పైన రింగులు నిలబడడానికి నాలుగంగుళాల బక్రం పట్టీ లోపల పెట్టి మడుస్తారు. లోపలికి తిప్పేదానితో కలిపి పైన అయిదంగుళాలు. కింద నాలుగంగుళాల వెడల్పున రెండు మడతలంటే ఎనిమిది. 89, 5, 8 కలిపితే 102 అంగుళాలు, అంటే 259 సెంటీమీటర్లు. కోసే ముక్క పొడవు ఇది. సాదా బట్టకి లెక్క ఇక్కడితో అయిపోయింది. నాలుగు ముక్కలు, ఒక్కోటి 2.59 మీటర్లు, మొత్తం 10.36. కొట్టాయన చెప్పిన పదిన్నర సరైనదే.

తామరల బట్టకి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. డిజైనులో ఒక పువ్వు ఎక్కడుందో అదే పువ్వు మళ్ళీ నిలువునా ఎంత దూరంలో వస్తుందో ఆ కొలతని రిపీట్ అంటారు. ఈ బట్టకి అది 64 సెంటీమీటర్లు. ఫర్నిషింగ్ బట్టల్లో ఈ 64 చాలాచోట్ల తగులుతుంది. రోటరీ అచ్చులో బట్ట మీద దొర్లే గొట్టం చుట్టుకొలత మామూలుగా 64 సెంటీమీటర్లుంటుంది, గొట్టం ఒక చుట్టు తిరిగితే డిజైను ఒకసారి పడుతుంది. చిన్న డిజైన్లకి ఆ చుట్టులోనే రెండుసార్లో నాలుగుసార్లో వేస్తారు, కాబట్టి రిపీట్ 32 గానో 16 గానో ఉంటుంది.

రెండు పన్నాలు పక్కపక్కన అతికినప్పుడు ఎడమ ముక్క అంచున సగం తెగిన పువ్వుకి మిగతా సగం కుడి ముక్కలో అదే ఎత్తున ఉండాలి. అలా జరగాలంటే ప్రతి ముక్కా డిజైనులో ఒకే చోట మొదలవ్వాలి. మొదటి ముక్క పువ్వు అడుగున మొదలుపెట్టి 259 దగ్గర కోసేస్తే, రెండో ముక్క మొదలయ్యే చోట పువ్వు అడుగు ఉండదు. తర్వాతి పువ్వు అడుగు వచ్చేదాకా బట్ట వదిలేసి అక్కడి నుంచి కొలవాలి. అందుకే ముక్క పొడవుని రిపీట్‌తో భాగించి, ఏమాత్రం శేషం వచ్చినా పై అంకెకి వెళ్తారు. 259ని 64తో భాగిస్తే 4.05. అంటే అయిదు రిపీట్లు, 320 సెంటీమీటర్లు. నాలుగు ముక్కలకి 12.8 మీటర్లు. తానులో కొస ఎక్కడ తెగి ఉంటుందో తెలియదు కాబట్టి మనకి కావలసిన చోట మొదలుపెట్టుకోవడానికి ఇంకొక రిపీట్ కలపాలి. 13.44 అవుతుంది. పదమూడున్నర ఇలా వచ్చింది.

ఈ 4.05 చూశాక నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. నాలుగు రిపీట్లంటే 256. మనకి కావలసింది 259. మూడు సెంటీమీటర్ల కోసం ఒక్కో ముక్కకి 64 సెంటీమీటర్లు కొంటున్నాం, అందులో 61 కత్తిరించి పక్కన పడేస్తున్నాం. రిపీట్ లెక్కకి ఉన్న గుణమే అది, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ముక్క పొడవు 257 అయినా 319 అయినా కొనే బట్ట ఒకటే. 256 అయితే మాత్రం ఒక మెట్టు కిందకి దిగుతాం. కాబట్టి భాగహారం చేశాక దశాంశం చూడాలి. 4.6 వస్తే చేసేదేం లేదు, అయిదు రిపీట్లు కొనడమే. 4.1 లోపు వస్తే మాత్రం కొనబోయే ముందు ఆ కొద్ది సెంటీమీటర్లు ఎక్కడ తగ్గించవచ్చో వెతకాలి.

తగ్గించే చోట్లు మూడే కనిపించాయి. కర్టెన్ పొడవు తగ్గించడం మొదటిది. కానీ నేలకి అంగుళం ఎడం ఇప్పటికే ఉంది, రెండంగుళాలు దాటితే కర్టెన్ పొట్టిదైపోయినట్టు కనిపిస్తుంది. పై మడత రెండోది, దాన్ని ముట్టుకోకూడదు. బక్రం పట్టీ నాలుగంగుళాలుంటేనే రింగులు బిగిసి కూర్చుంటాయి. మిగిలింది కింద మడత. నాలుగంగుళాల మడత రెండుసార్లు వేసే బదులు మూడంగుళాలు వేస్తే ఎనిమిది ఆరవుతుంది. ముక్క పొడవు 100 అంగుళాలు, 254 సెంటీమీటర్లు. 256లో ఇమిడిపోయింది, రెండు సెంటీమీటర్లు చేతిలో ఉన్నాయి కూడా.

మూడంగుళాల మడతతో కర్టెన్ బరువుగా దిగుతుందా అని టైలరు గారిని అడిగాను. "రెండు మడతలూ నిండుగా ఉంటే బట్ట దిగుతుందమ్మా. పైమడత మూడంగుళాలు పెట్టి లోపల అరంగుళమే తిప్పితే ఎగురుద్ది. అలా మాత్రం కుట్టనివ్వకండి" అన్నారు. అదీ నిజమే. ఎండ తెర వెనకనుంచి పడితే లోపల మడత ఎక్కడిదాకా ఉందో గీతలా కనిపిస్తుంది, రెండు మడతలూ సమానంగా ఉంటే అక్కడ ఒక్కటే నిండు పట్టీ కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. పక్కనే 32 రిపీట్ ఉన్న చిన్న పూల బట్ట తీసుకున్నా పాత 259 కొలతకి తొమ్మిది రిపీట్లు, 288 సెంటీమీటర్లు అయ్యేది. పదహారు రిపీట్ అయితే 272. రిపీట్ చిన్నదైన కొద్దీ నష్టం తగ్గుతుంది గానీ సున్నా అవదు. అలాగని పెద్ద డిజైను ఎప్పుడూ ఖరీదే అనీ చెప్పలేం. మా కిటికీకి మూడంగుళాల మడతతో 64 రిపీట్ ఒక్కో ముక్కకి 256 దగ్గర ఆగింది. అంతకన్నా తక్కువ చిన్న డిజైనుకీ రాదు. కాబట్టి "చిన్న పూలు తీసుకోండి, బట్ట కలిసొస్తుంది" అన్న మాటని కళ్ళు మూసుకుని ఒప్పుకోకుండా మన ముక్క పొడవుతో భాగించి చూసుకోవాలి.

ఈ అంకెలతో మళ్ళీ కొట్టుకెళ్ళాను. ముందు చేసిన పని తాను విప్పించి కొలవడం. బిళ్ళ మీద 64 అని రాసి ఉన్నా దాన్ని నాలుగుతో గుణించి ఊరుకోకూడదు. ఒక పువ్వు కొస నుంచి లెక్కపెట్టి నాలుగు రిపీట్ల దూరంలో ఉన్న అదే పువ్వు కొస దాకా టేపు పరిచి చూడాలి. తానులో చుట్టేటప్పుడు బట్ట సాగుతుంది, ఒక్కో రిపీట్‌లో కొన్ని మిల్లీమీటర్లు తేడా ఉంటే నాలుగింటికి కలిపి మన రెండు సెంటీమీటర్లనీ తినేస్తుంది. బల్ల మీద లాగకుండా వదులుగా పరిపించాను. 255న్నర వచ్చింది. 254 కన్నా ఎక్కువే కాబట్టి ధైర్యం వచ్చింది.

తర్వాత అచ్చు బట్టకి నిటారుగా పడిందో లేదో చూశాను. ఒక అంచు దగ్గర పువ్వు కొస, రెండో అంచు దగ్గర అదే వరుసలోని పువ్వు కొస, రెండిటినీ బట్టలో అడ్డంగా నడిచే పేక దారం వెంబడి పోల్చాలి. ఒక పేక పోగు పట్టుకుని ఇటునుంచి అటు చూస్తే తెలుస్తుంది. అచ్చు ఒక పక్కకి వాలితే పువ్వులు కలిపి అతికినా కింద అంచు దగ్గర వరుస ఏటవాలుగా నడుస్తుంది. ఇంకేం చేసినా అది సరికాదు. ఒక అంగుళం మించి వాలిన తాను తీసుకోకపోవడమే మేలు. ఇది పావంగుళం కూడా వాలలేదు.

డిజైను పక్కకి ఎలా కలుస్తుందో కూడా కొట్లోనే చూసుకోవాలి. బట్టని మడిచి ఎడమ అంచుని తెచ్చి కుడి అంచు పక్కన పెడితే తెగిన పువ్వు అదే ఎత్తున కలిసిందా, లేక సగం రిపీట్ కిందకి జరిగితేనే కలుస్తోందా అన్నది తెలుస్తుంది. మా తామరలు నేరుగా కలిశాయి. నాకు నచ్చిన ఇంకో ఆకుల బట్ట సగం కిందకి జరిగే రకం. దానికి ఒక్కో తెరలో ఎడమ ముక్క ఒక చోట, కుడి ముక్క సగం రిపీట్ తర్వాత మొదలవ్వాలి. రెండు ఎడమ ముక్కలూ వరసగా కోసేసి, 32 సెంటీమీటర్లు వదిలి, రెండు కుడి ముక్కలూ కోస్తే ఆ సగం రిపీట్ ఒక్కసారే పోతుంది. ఈ సంగతి తెలియక ప్రతి ముక్కకీ సగం రిపీట్ కలిపి కొనేవాళ్ళూ ఉంటారు, అసలు కలపకుండా కొని అతుకు దగ్గర ఇబ్బంది పడేవాళ్ళూ ఉంటారు.

చివరిగా నూలా, పాలిస్టరా అని అడిగాను. ఇది పూర్తిగా పాలిస్టర్. అందుకే మూడంగుళాల మడత లెక్క నిలబడింది. నూలు బట్ట అయితే ఇదే లెక్క కూలిపోయేది, ఎలాగంటే, నూలుని ముందే తడిపి ఆరబెట్టి కోయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కర్టెన్ పైకి పోతుంది. తడిపితే బట్టే కాదు, దాని మీద ఉన్న డిజైను కూడా కుదించుకుంటుంది. వందకి మూడు చొప్పున తగ్గితే 64 రిపీట్ 62 అవుతుంది, నాలుగు రిపీట్లు 248. మనకి కావలసింది 254. మళ్ళీ అయిదో రిపీట్‌కి పోవలసిందే. కాబట్టి నూలు బట్టకి భాగించాల్సింది తడిపాక ఉన్న రిపీట్‌తో.

మా అత్తయ్య గారి గదికి నూలే కావాలన్నారు, అక్కడ ఆ లెక్కే వేశాను. ముందు పావు మీటరు ముక్క కొని తెచ్చి, నిలువునా ఇరవై సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు బాల్‌పెన్నుతో గీసి, ఇంట్లో మామూలుగా ఉతికినట్టే ఉతికి, ఆరాక ఇస్త్రీ చేసి కొలిచాను. 19.4 వచ్చింది, వందకి మూడు తగ్గిందన్నమాట. ఆ గది కర్టెన్ కిటికీ గట్టు కింద దాకానే, 60 అంగుళాలు. పైన అయిదు, కింద ఆరు కలిపితే 71 అంగుళాలు, 180 సెంటీమీటర్లు. ఆ బట్ట రిపీట్ 32, తడిపాక 31. 180ని 31తో భాగిస్తే 5.8, ఆరు రిపీట్లు. కొట్లో కొలిచేది తడపని బట్ట కాబట్టి అక్కడ ఆరు ముప్పైరెండ్లు 192. పన్నా 48 అంగుళాలు, రాడ్ 60, అందుకని మూడు పన్నాలు. 5.76కి మొదలు సర్దుకోవడానికి ఒక రిపీట్ కలిపి 6.08. ఆరుం పావు మీటర్లు తీసుకున్నాను.

హాలుకి నాలుగు ముక్కలు 2.56 చొప్పున 10.24, ఒక రిపీట్ కలిపితే 10.88. పదకొండు మీటర్లు కోయించాను. పదమూడున్నర కొంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే రెండున్నర మీటర్లు, 1,125 రూపాయలు మిగిలింది. ఆ డబ్బులో కొంత రింగులకి పెట్టాను. ఇనుము మీద పూత పూసినవి వద్దనుకుని స్టీలువి తీసుకున్నాను. మా వైపు గాలిలో చెమ్మ ఎక్కువ, పూత రింగులు తుప్పెక్కితే బట్ట మీద దిగిన మరక ఎంత ఉతికినా పోదు.

కోసింది హాలు గచ్చు మీదే, తాను మొత్తం పరిచి. ఎక్కడ మొదలుపెట్టాలన్నది నేను ముందే అనుకున్నాను. కింద అంచు దగ్గర తామర సగానికి తెగకూడదు. పైన కుచ్చిళ్ళలో, బక్రం మడతలో పువ్వు తెగితే కనబడదు, కింద తెగితే ఇంట్లోకి వచ్చిన ప్రతివాళ్ళ కన్నూ అక్కడే పడుతుంది. కాబట్టి పువ్వు కింద కాడ ముగిసే చోట కర్టెన్ అంచు రావాలని, దానికి ఆరంగుళాలు కింద కోత గీత గీశాం. అక్కడి నుంచి పైకి 100 అంగుళాలు. రెండో ముక్క, మూడో ముక్క, నాలుగో ముక్క అన్నీ ఆ కాడ కొసకి ఆరంగుళాల కిందే మొదలు. పూలన్నీ పైకి చూసే డిజైను కాబట్టి ఏ ముక్కనీ తలకిందులు చేయకూడదు. కోసిన వెంటనే ఒక్కో ముక్క పై అంచున చిన్న కాగితం పిన్ను పెట్టాం.

అతుకు కుట్టే పద్ధతి టైలరు గారిది. రెండు ముక్కలూ లోపలివైపుకి తిప్పి అంచులు కలిపి మిషన్ మీద పెడితే పువ్వు కలిసిందో లేదో కుట్టేవాళ్ళకి కనబడదు, కుడుతుంటే కింది బట్ట జరుగుతుంది కూడా. ఆయన ఒక ముక్క అంచుని అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, ఆ మడతని రెండో ముక్క మీద పరిచి, పైనుంచి చూస్తూ పువ్వుకి పువ్వు కలిపి చేత్తో ఎడం ఎడంగా కుట్లు వేశారు. తర్వాత బట్టని తిప్పి ఆ మడత గీత మీదే మిషన్ కుట్టు వేసి చేతి కుట్లు లాగేశారు. అంచున బిగుతుగా నేసిన పట్టీ ఉంటుంది, దాన్ని కత్తిరించేశాకే ఇదంతా. అది ఉంచి కుడితే అతుకు వెంబడి బట్ట ముడతలు తేలుతుంది.

పూర్తయ్యాక ఒక్కో తెర 100 అంగుళాల వెడల్పు వచ్చింది. రింగులు ఎన్నన్నది ఆఖరి లెక్క. రెండు కొసలూ గోడ వైపుకి తిరగాలంటే రింగుల సంఖ్య సరి సంఖ్య కావాలి. బేసి అయితే ఒక కొస గోడ వైపుకి, ఇంకో కొస గదిలోకి తిరుగుతుంది. కొసల దగ్గర రెండేసి అంగుళాలు వదిలితే మధ్యలో 96. ఆరంగుళాలకొకటి పెడితే పదిహేడు అవుతున్నాయి, పదహారు చేశాం. ఎడం 6.4 అంగుళాలు, మొత్తం పదిహేను ఎడాలు. మొదటి ఎడంలో బట్ట గదిలోకి వస్తుంది, రెండో ఎడంలో వెనక్కి పోతుంది, అలా ఒకటి తప్పించి ఒకటి. సరిగ్గా మధ్యలో ఉండే ఎనిమిదో ఎడం వెనక్కి పోయేది. అతుకు కూడా తెర మధ్యలోనే, 50 అంగుళాల దగ్గర ఉంది. కాబట్టి అది వెనక మడతలో దాక్కుంటుంది, రింగు కూడా దాని మీద పడదు. రెండు నిండు పన్నాలతో కుట్టడం వల్ల కలిగిన లాభం ఇది. పదహారు కాకుండా పద్దెనిమిది పెట్టి ఉంటే పదిహేడు ఎడాలు, మధ్యది తొమ్మిదోది, అది గదిలోకి వచ్చేది. పువ్వులు కలిసినా అతుకు గీత ఎదురుగా కనిపించేది.

వేలాడదీశాక కింద అంచు దగ్గర తామర కాడలు నాలుగు పన్నాల్లోనూ ఒకే వరసలో నిలిచాయి. పదకొండు మీటర్లలో ముక్కలు పోగా మిగిలిన 76 సెంటీమీటర్లు మొదట్లో కొంత, చివర్లో కొంతగా వచ్చింది. చివరి దాంట్లోంచి ఒక పువ్వు నిండుగా ఉన్నంత మేర తీసి, పగలు తెరలు పక్కకి కట్టడానికి రెండు పట్టీలు కుట్టారు టైలరు గారు.